గజ్జల్లో తామర: ట్యూబు రాస్తే తగ్గుతుంది, మానేస్తే తిరగబెడుతుంది. ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 31 ఏళ్లు, విజయవాడలో ఉంటాను. మార్చి చివర్లో రెండు గజ్జల్లో ఎర్రగా, గుండ్రంగా వచ్చి విపరీతమైన దురద పెట్టింది. మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. రాసిన రెండు రోజులకే తగ్గింది, ఆపేసిన వారానికే మళ్లీ వచ్చింది. ఇలా నాలుగు ట్యూబులు అయిపోయాయి. ఇప్పుడు పిరుదుల మీదికి, నడుము చుట్టూ కూడా పాకింది. మా ఆవిడకీ మొదలైంది. రక్తం చెడిపోయిందేమో అంటున్నారు ఇంట్లో. ఏ క్రీము వాడాలి, ఎన్ని రోజులు వాడాలి? టెన్షన్‌గా ఉంది.

జవాబు:

రక్తం చెడిపోలేదు, ఆ భయం పక్కన పెట్టండి. మీరు చెప్పిన తీరు చూస్తే ఇది తామర అయ్యే అవకాశం చాలా ఎక్కువ. అంటే చర్మం పై పొరలో పెరిగే ఒక రకం ఫంగస్. ఇది ఇన్నాళ్లు తగ్గకపోవడానికి, ఇంత పాకడానికి కారణం బహుశా మీరు రాస్తున్న ట్యూబే. అందుకే ఏది రాయాలో చెప్పే ముందు ఏది ఆపాలో చెబుతాను.

ఆ ట్యూబు అట్టపెట్టె ఇంకా ఇంట్లో ఉంటే తీసి, పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల జాబితా చదవండి. క్లోబెటాసాల్, బీటామెథాసోన్, బెక్లోమెథాసోన్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. మన మెడికల్ షాపుల్లో 'దురద ట్యూబు' అని అడిగితే చేతికి వచ్చేవాటిలో చాలావరకు ఇలాంటి మిశ్రమాలే. ఒకే ట్యూబులో ఒక ఫంగస్ మందు, ఒకటో రెండో యాంటీబయాటిక్‌లు, వాటితో పాటు ఒక స్టెరాయిడ్ ఉంటాయి. చదివేటప్పుడు ఒక జాగ్రత్త: క్లోబెటాసాల్, క్లోట్రిమజోల్ అనే పేర్లు చూడ్డానికి దగ్గరగా ఉంటాయి. మొదటిది చాలా బలమైన స్టెరాయిడ్, రెండోది ఫంగస్ మందు. రెండూ కలిసి ఉన్న ట్యూబులూ ఉన్నాయి కాబట్టి ఒక పేరు కనబడగానే ఆగిపోకుండా జాబితా చివరిదాకా చదవండి.

స్టెరాయిడ్ రాస్తే రెండు రోజుల్లో ఎందుకు హాయిగా అనిపిస్తుందో తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. ఈ ఫంగస్ మన చర్మం పైన ఉండే చచ్చిన పొరను, అందులోని కెరటిన్ అనే పదార్థాన్ని తిని బతుకుతుంది. లోపలికి, రక్తంలోకి వెళ్లదు. ఎరుపు, మంట, దురద నేరుగా ఫంగస్ చేసే పని కాదు. దాన్ని గుర్తుపట్టి తరిమేయడానికి మన ఒంట్లోని రక్షణ కణాలు చేసే పోరాటం అది. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని అణిచేస్తుంది. దురద పోతుంది, ఎరుపు పోతుంది, ఫంగస్ మాత్రం అడ్డు లేకుండా పెరుగుతూ పక్కలకు పాకుతుంది. ట్యూబు ఆపిన నాలుగైదు రోజులకు రక్షణ కణాలు మళ్లీ మేల్కొంటాయి. అప్పటికి ఫంగస్ ముందుకన్నా ఎక్కువ చోట్ల ఉంటుంది కాబట్టి దురద ముందుకన్నా ఎక్కువగా వస్తుంది. మీరు మళ్లీ ట్యూబు కొంటారు. ఒక ట్యూబు తర్వాత ఇంకో ట్యూబు కావడానికి కారణం ఇదే.

గజ్జల్లో దీని నష్టం ఇంకా ఎక్కువ. అక్కడ చర్మం పల్చగా ఉంటుంది, రెండు మడతలు ఒకదానికొకటి ఆనుకుని ఉండడం వల్ల మందు లోపలికి బాగా ఇంకుతుంది. కొన్ని వారాలు వాడితే చర్మం ఇంకా పల్చబడి, తొడ లోపలివైపు గర్భిణుల పొట్ట మీద వచ్చే చారల్లాంటివి పడతాయి. ఫంగస్ పూర్తిగా తగ్గినా ఈ చారలు పోవు. పాతికేళ్ల కుర్రాళ్లు ఈ చారలతో వస్తుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే అది వాళ్ల జబ్బు చేసిన గాయం కాదు, వాళ్లకు ఇచ్చిన మందు చేసిన గాయం. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా కౌంటర్ మీద అడిగితే ఇచ్చేస్తూనే ఉన్నారు. కాబట్టి జాబితా చదివే పని మనమే చేసుకోవాలి.

ఇంకో మాట. కొన్ని ఊళ్లలో ఆర్‌ఎంపీల దగ్గర 'దురద ఇంజెక్షన్' వేస్తారు. రెండు మూడు వారాలు హాయిగా ఉంటుంది. అది కూడా చాలాసార్లు స్టెరాయిడే. మీరు అలాంటివి వేయించుకుని ఉంటే, లేదా స్టెరాయిడ్ మాత్రలు వారాల తరబడి మింగుతూ ఉంటే వైద్యం మొదలుపెట్టే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. చాలాకాలం మింగిన స్టెరాయిడ్ మాత్రలను సొంతంగా ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. పైకి రాసే ట్యూబు మాత్రం ఈరోజే ఆపేయవచ్చు.

ఇక ఇది తామరే అని ఎలా తెలుస్తుంది? మామూలు తామరలో అంచు కాస్త ఉబ్బెత్తుగా, ఎర్రగా, సన్నని పొలుసులతో ఉంటుంది. మధ్యలో చర్మం కొంత తేరుకున్నట్టు, రంగు మారినట్టు ఉంటుంది. గజ్జ మడత దగ్గర మొదలై తొడ లోపలివైపు కిందికి దిగుతుంది, తర్వాత పిరుదుల మీదికి, నడుము చుట్టూ వెళుతుంది. వృషణాల సంచిని సాధారణంగా వదిలేస్తుంది. స్టెరాయిడ్ రాసినవాళ్లలో ఈ రూపం చెరిగిపోతుంది. అంచు కనబడకుండా అంతా ఒకే ఎరుపుగా ఉండవచ్చు, లేదా ఒక వలయంలో ఇంకో వలయం వచ్చినట్టు కనిపించవచ్చు. అలాంటప్పుడు అనుభవం ఉన్న డాక్టరు కూడా కంటితో చూసి తేల్చడం కష్టం.

గజ్జల్లో ఎర్రగా వచ్చిందల్లా తామర కాదు. మడత లోపల తడితడిగా, మంటగా ఉండి, చుట్టూ చిన్న చిన్న పొక్కులు చెదురుగా ఉండి, వృషణాల సంచి కూడా ఎర్రబడితే కాండిడా అనే వేరే ఫంగస్ కావచ్చు. ఇది షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ. దురద పెద్దగా లేకుండా గోధుమరంగు మచ్చలా నెలల తరబడి కదలకుండా ఉంటే ఎరిత్రాస్మా అనే బ్యాక్టీరియా జబ్బు ఉంటుంది, దాని మందు వేరు. పొలుసు లేకుండా నున్నగా ఎర్రగా ఉండి, తలలో, మోచేతుల మీద కూడా మచ్చలు ఉంటే సోరియాసిస్ గురించి ఆలోచించాలి. రాత్రిపూట దురద పెరిగి, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, మర్మాంగం మీద చిన్న గుల్లలు వచ్చి, ఇంట్లో అందరూ గోక్కుంటుంటే అది గజ్జి, అంటే పురుగు వల్ల వచ్చేది. డెటాల్ లాంటివి నీళ్లు కలపకుండా పూసి చర్మాన్ని కాల్చుకున్నవాళ్లనూ చూస్తుంటాను. వెల్లుల్లి రుద్దినా, ఘాటైన తామర మలాములు పూసినా గజ్జల్లో అదే జరుగుతుంది.

అనుమానం ఉంటే దానికి ఒక చిన్న పరీక్ష ఉంది. మచ్చ అంచు నుంచి పొలుసును మొద్దు బ్లేడుతో కాస్త గీకి, గాజు పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, మైక్రోస్కోపులో చూస్తారు. ఫంగస్ దారాల్లా కనిపిస్తుంది. నొప్పి ఉండదు, చాలాచోట్ల అదే రోజు ఫలితం చెబుతారు. మధ్యలో గీకితే దొరక్కపోవచ్చు, అంచు నుంచే తీయాలి. ముందు కొన్ని రోజులు ఫంగస్ క్రీము రాసి వెళ్లినా దొరక్కపోవచ్చు. మీలా నెలల తరబడి స్టెరాయిడ్ రాసినవాళ్లకు ఈ పరీక్ష చేయించడం మంచిదని నా అభిప్రాయం.

ఒకప్పుడు తామరకు రెండు వారాల క్రీము సరిపోయేది. ఇప్పుడు సరిపోవడం లేదు, దానికి కారణం రోగి అశ్రద్ధ ఒక్కటే కాదు. గత పదేళ్లకు పైగా మన దేశంలో మొండి తామర బాగా పెరిగింది. దీన్ని కలిగించే ఫంగస్‌కు 2020లో జపాన్ పరిశోధకులు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. తామరకు అప్పటిదాకా మొదటి మందుగా ఉన్న టెర్బినఫైన్ ఏ ఎంజైమును అడ్డుకుంటుందో, ఈ ఫంగస్‌లో చాలావాటికి ఆ ఎంజైము జన్యువే మారిపోయింది. అందుకే టెర్బినఫైన్ 250 మిల్లీగ్రాముల మాత్ర నెల రోజులు మింగినా చాలామందిలో పని చేయడం లేదు. వారానికి ఒకటి చొప్పున ఇచ్చే ఫ్లూకొనజోల్ 150 మాత్ర మీదా నేను ఆధారపడను, గజ్జల్లో ఇంతగా పాకిన తామరను అది తగ్గించడం అరుదు. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వారికి ఒక సూచన: అక్కడి డాక్టర్లలో కొందరు ఈ ఫంగస్‌ను ఇంకా చూసి ఉండకపోవచ్చు. అమెరికాలో మొదటి ఇద్దరు రోగుల గురించి 2023లోనే వెల్లడించారు. ఇండియా వెళ్లి వచ్చానని, ఇంట్లో వాళ్లకూ ఉందని, టెర్బినఫైన్ పని చేయలేదని ముందే చెప్పండి.

ఇప్పుడు క్రీము సంగతి. స్టెరాయిడ్ కలవని ఒకే ఒక్క ఫంగస్ మందు ఉన్న క్రీము తీసుకోవాలి. లులికొనజోల్, సెర్టాకొనజోల్, కీటోకొనజోల్, క్లోట్రిమజోల్ ఇవన్నీ ఈ కోవలోవే. లులికొనజోల్ అయితే రోజుకు ఒకసారి, క్లోట్రిమజోల్ లాంటివి రోజుకు రెండుసార్లు. ఒకటి పని చేయడం లేదని వారానికో బ్రాండు మార్చడం వల్ల లాభం లేదు. ఏ క్రీము అన్నదానికన్నా ఎంత రాస్తున్నారు, ఎంత దూరం రాస్తున్నారు, ఎన్నాళ్లు రాస్తున్నారు అన్నవే ఫలితాన్ని తేలుస్తాయి.

ఎంత అంటే, పెద్దవాళ్ల చూపుడువేలు చివరి గీత నుంచి వేలి కొన దాకా పెట్టిన క్రీము సుమారు అర గ్రాము. అది వేళ్లతో సహా రెండు అరచేతులంత చర్మానికి సరిపోతుంది. రెండు గజ్జలూ, తొడ లోపలివైపూ కలిపి నాలుగు అరచేతులంత ఉంటే ఒకసారికి ఒక గ్రాము కావాలి. రోజుకు రెండుసార్లు రాస్తే రెండు గ్రాములు. అంటే 10 గ్రాముల ట్యూబు ఐదు రోజుల్లో, 30 గ్రాముల ట్యూబు పదిహేను రోజుల్లో అయిపోవాలి. 10 గ్రాముల ట్యూబు నెల రోజులు వచ్చిందని ఎవరైనా చెబితే మందు తక్కువ రాశారని వెంటనే తెలిసిపోతుంది. ఎంత దూరం అంటే, ఎర్రటి అంచు దాటి కనీసం రెండు సెంటీమీటర్లు, అంటే దాదాపు బొటనవేలి వెడల్పు, బాగున్న చర్మం మీద కూడా రాయాలి. కంటికి కనిపించని ఫంగస్ అక్కడే ముందుకు పాకుతూ ఉంటుంది. బయటి నుంచి లోపలికి రాయండి, మధ్య నుంచి బయటికి రుద్దకండి. ఎన్నాళ్లు అంటే, చూడ్డానికి, తాకడానికి పూర్తిగా మామూలైన తర్వాత కూడా ఇంకో రెండు వారాలు. దురద పోయిన రోజున ఆపేస్తే మొదటికి వస్తుంది.

మీ విషయంలో క్రీము ఒక్కటే చాలదని అనుకుంటున్నాను. మూడు చోట్లకు పాకింది, స్టెరాయిడ్ వాడారు, ఇంట్లో ఇంకొకరికి ఉంది. ఇలాంటప్పుడు మాత్రలు కావాలి, అది డాక్టరు చూసి రాయాల్సిన పని. ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా ఇచ్చేది ఇట్రాకొనజోల్, మామూలుగా రోజుకు 100 నుంచి 200 మిల్లీగ్రాములు. నాలుగు వారాలతో ముగిసేవాళ్లు తక్కువ. ఆరు, ఎనిమిది వారాలు పట్టేవాళ్లే ఎక్కువ. తేదీ చూసి ఆపకూడదు, చర్మం చూసి ఆపాలి.

ఈ మాత్ర గురించి రెండు విషయాలు ముఖ్యం. ఒకటి, ఇది ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. కడుపు నిండా అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి, పరగడుపున కాదు. మన ఇళ్లలో పొద్దున లేవగానే గ్యాస్ మాత్ర వేసుకోవడం అలవాటైపోయింది. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ లాంటివి ఆమ్లాన్ని తగ్గిస్తాయి, దాంతో ఇట్రాకొనజోల్ సరిగా ఇంకదు. నెల రోజులు మింగి 'ఈ మాత్ర నాకు పడలేదు' అనేవాళ్లను నేను మొదట అడిగే ప్రశ్న గ్యాస్ మాత్ర గురించే. రెండోది భద్రత. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు, కాలేయం జబ్బు ఉన్నవాళ్లు దీన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు. కొలెస్ట్రాల్‌కు వాడే సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్, రక్తం పల్చబడడానికి వాడే వార్ఫరిన్, కొన్ని బీపీ మాత్రలు దీంతో కలిస్తే ప్రమాదం. మీరు వాడే మందులన్నీ ఒక కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. ఎక్కువ వారాలు వాడాల్సి వస్తే కాలేయం రక్తపరీక్ష చేయిస్తారు. కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులో రావడం, కాళ్ల వాపు, ఆయాసం వీటిలో ఏది కనిపించినా మాత్ర ఆపి వెంటనే చూపించుకోవాలి.

మీ ఆవిడ గర్భంతో ఉన్నా, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నా ఆ మాట ముందే చెప్పాలి. గర్భిణులకు తామరకు ఇట్రాకొనజోల్ ఇవ్వం. క్లోట్రిమజోల్ క్రీముతో నెట్టుకొస్తాం. మాత్రలు వాడే రోజుల్లోనూ, ఆపిన తర్వాత నెలసరి వచ్చేదాకానూ గర్భం రాకుండా చూసుకోవాలి.

ఇదంతా ఒక మనిషిలో ఎలా నడుస్తుందో చెబుతాను. మా దగ్గరికి వచ్చిన ఒక ఆటో డ్రైవరు, నలభైకి దగ్గర వయసు, మీలాగే వేసవి మొదట్లో మొదలైంది. ఐదు నెలల్లో క్లోబెటాసాల్ కలిసిన ట్యూబులు రెండు మూడు రకాలు మార్చాడు. తర్వాత ఎవరో ఇట్రాకొనజోల్ రాశారు, మూడు వారాలు మింగాడు, ఏమీ తేడా లేదు. వచ్చేసరికి రెండు తొడల లోపలి వైపు, పిరుదులు, మొలతాడు కింద నడుము చుట్టూ ఒక పట్టీలా ఉంది. కుడి కాలి చివరి రెండు వేళ్ల మధ్య తెల్లగా నాని, ఒలిచినట్టుంది, దాన్ని అతను పట్టించుకోలేదు. తొడల మీద చారలు అప్పటికే మొదలయ్యాయి. అంచు నుంచి గీకి చూస్తే ఫంగస్ కనిపించింది. వేలి సందు నుంచి గీకితే అక్కడా కనిపించింది. షుగర్ పరీక్ష చేయిస్తే పరగడుపున 168 ఉంది, అది అతనికి అంతకుముందు తెలియదు. రోజూ పొద్దున గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాడు, దాని వెనకే ఇట్రాకొనజోల్, రెండూ టిఫిన్‌కు ముందే.

కొత్త మందు ఏదీ ఇవ్వలేదు. అదే ఇట్రాకొనజోల్ 100 మధ్యాహ్నం అన్నం తర్వాత ఒకటి, రాత్రి అన్నం తర్వాత ఒకటి పెట్టాం. గ్యాస్ మాత్ర నిజంగా అవసరమా అని చూసి, అవసరం లేదని ఆపాం. గజ్జలకు, నడుముకు, కాలి వేళ్లకు కూడా లులికొనజోల్. రాత్రి దురదకు లెవోసెట్రిజిన్ 5, నిద్ర మత్తు వస్తుంది కాబట్టి ఆటో నడిపే వేళల్లో వద్దని చెప్పాం. షుగర్‌కు వైద్యం మొదలైంది. స్టెరాయిడ్ ఆపిన మొదటి వారం ఎరుపు, దురద పెరిగాయి, ఇది ఇలాగే అవుతుందని ముందే చెప్పడం వల్ల మళ్లీ పాత ట్యూబు జోలికి పోలేదు. రెండో వారం చివరికి రాత్రి నిద్ర పట్టింది. నాలుగో వారానికి గజ్జల్లో అంచు చదునైంది, పిరుదుల మీద మాత్రం ఒక వంక ఇంకా గరుకుగా ఉంది. ఆ వారమే ఆపేద్దామా అని అడిగాడు. అక్కడ గీకి చూస్తే ఫంగస్ ఇంకా ఉంది. ఏడో వారంలో పరీక్షలో ఏమీ కనబడలేదు, మాత్రలు ఆపాం, క్రీము ఇంకో రెండు వారాలు కొనసాగించాం. అదే సమయంలో అతని భార్యకు కూడా వైద్యం నడిచింది. ఆమెకు లంగా బొందు కట్టే చోట ఉంది. అంతకు ముందు ఇద్దరికీ కలిపి ఎవరూ చూడలేదు.

మీ ఇంట్లో కూడా ఇదే చేయండి. మీరిద్దరూ ఒకే రోజున డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఒకరు తగ్గించుకుని ఇంకొకరు ఆలస్యం చేస్తే ఒకరి నుంచి ఒకరికి తిరిగి వస్తుంది. పిల్లలు, పెద్దవాళ్లు ఎవరైనా గోక్కుంటున్నారేమో అడగండి, చాలామంది సిగ్గుపడి చెప్పరు. మీ కాలి వేళ్ల సందులు, గోళ్లు చూసుకోండి. కాళ్లలో ఫంగస్ ఉన్నప్పుడు లోదుస్తులు తొడుక్కుంటుంటే పాదం నుంచి అది గజ్జలకు అంటుకుంటుంది. అందుకే ముందు సాక్సులు, తర్వాత లోదుస్తులు వేసుకోమంటాం. తుడుచుకునేటప్పుడు పాదాలు చివరికి ఉంచండి, వీలైతే పాదాలకు వేరే తువ్వాలు.

మొలతాడు గురించి చెప్పడానికి ఇబ్బందిగానే ఉంటుంది, అది మన అలవాటు, నమ్మకం. కానీ నూలు మొలతాడు స్నానం చేసిన ప్రతిసారీ తడుస్తుంది, ఆరదు, చెమటనూ ఫంగస్‌నూ పట్టి ఉంచుతుంది. నడుము చుట్టూ పాకింది అన్నారు కాబట్టి మీకుంటే తగ్గేదాకా తీసేయండి. తీయడం ఇంట్లో ఒప్పుకోకపోతే పాతది పారేసి, తగ్గిన తర్వాత కొత్తది కట్టుకోండి. ఆడవాళ్లు లంగా బొందు రోజూ ఒకే గీత మీద బిగించకుండా కాస్త పైకీ కిందికీ మార్చుకోవాలి.

విజయవాడలో మే నెల నుంచి వానలు తగ్గేదాకా గాల్లో తేమకు బట్టలు ఒంటిమీదే తడుస్తాయి. చెమట పట్టిన లోదుస్తులు మధ్యాహ్నం ఒకసారి మార్చుకునే వీలుంటే మార్చుకోండి. బిగుతు జీన్స్, నైలాన్ లోదుస్తులు తగ్గేదాకా పక్కన పెట్టి వదులు నూలు బట్టలు వేసుకోండి. తువ్వాలు, లోదుస్తులు, లుంగీ, దుప్పటి మిగతావాళ్ల బట్టలతో కలపకుండా బాగా వేడి నీళ్లలో, వాషింగ్ మెషీన్ అయితే 60 డిగ్రీల దగ్గర ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయండి. వానాకాలంలో ఎండ లేకపోతే కుట్ల వెంట ఇస్త్రీ చేయండి. ఒకరి తువ్వాలు ఒకరు వాడకండి. స్నానానికి మామూలు సబ్బు చాలు, గట్టిగా పీచుతో రుద్దితే చర్మం చిట్లుతుంది. అద్ది ఆరనిచ్చిన తర్వాతే క్రీము రాయండి. అక్కడ రేజరుతో గొరిగించుకోకండి, పొడవుగా ఉంటే కత్తెరతో కత్తిరిస్తే సరిపోతుంది. పౌడరు చెమటను కాస్త పీలుస్తుంది, తగ్గిన తర్వాత మళ్లీ రాకుండా చూసుకోవడానికి ఫంగస్ పౌడరు వాడుకోవచ్చు. తామర ఉన్నప్పుడు క్రీముకు బదులు పౌడరు సరిపోదు.

తగ్గేటప్పుడు ఒక విషయం చాలామందిని కంగారు పెడుతుంది. ఎరుపు పోయాక అక్కడ నల్లటి లేదా గోధుమరంగు మచ్చ మిగులుతుంది, నెలల తరబడి ఉంటుంది. అది ఫంగస్ కాదు. తాకి చూడండి. చదునుగా, పొలుసు లేకుండా, దురద లేకుండా ఉంటే తగ్గినట్టు. అంచు గరుకుగా తగిలినా, దురద ఉన్నా ఇంకా ఉన్నట్టు. నల్ల మచ్చ పోగొట్టుకోవడానికి తెల్లబరిచే క్రీములు గజ్జల్లో రాయకండి, వాటిలో కొన్నింట్లో మళ్లీ స్టెరాయిడే ఉంటుంది.

సరైన క్రీము సరైన మోతాదులో రాసి, మాత్ర సరిగ్గా మింగి, నాలుగు వారాలైనా అంచు ఏమాత్రం తగ్గకపోతే అదే డాక్టరు దగ్గరికి తిరిగి వెళ్లి మళ్లీ గీకి చూడమనండి. అవసరమైతే పొలుసులోని ఫంగస్‌ను ల్యాబులో పెంచి చూసే కల్చర్ పరీక్ష చేస్తారు, అప్పుడు జబ్బు వేరేదేమో, ఫంగస్ ఏ రకమో తెలిసే వీలుంటుంది. మధ్యలో చీము, జ్వరం, తొడ మీద వేడిగా ఎర్రగా వాపు, గజ్జల్లో నొప్పితో గడ్డలు వస్తే వారాలు ఆగకండి, అది పైన బ్యాక్టీరియా చేరిన లక్షణం, అదే రోజు చూపించుకోండి. షుగర్ పరీక్ష మీరిద్దరూ ఒకసారి చేయించుకోండి. అపాయింట్‌మెంట్ దొరికేదాకా లులికొనజోల్ ఒక్కటే ఉన్న క్రీము కొని పైన చెప్పినట్టు రాస్తూ ఉండవచ్చు. గీకి చేసే పరీక్ష ఈ రెండు మూడు రోజుల్లోనే ఉంటే మాత్రం అప్పటిదాకా ఏమీ రాయకుండా వెళ్లండి. పాత ట్యూబుల పెట్టెలు పారేయకుండా వెంట తీసుకెళ్లండి, ఏమేం వాడారో డాక్టరుకు వాటిని చూస్తేనే సరిగ్గా తెలుస్తుంది.